విషయం: ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ మారాయి – సుజాత, ఈఈఈ, ట్రైనీ ఇంజినీర్ (అచ్యుతాపురం యూనిట్)

తేదీ: 22 జులై 2025

మేడమ్ గారికి నమస్కారం.

జూన్ 11న విశాఖపట్నం ఆఫీసులో మీరు ఇంటర్వ్యూ చేసిన ఈఈఈ అమ్మాయిని, సుజాతను. ట్రాన్స్‌ఫార్మర్ పారలెల్ ఆపరేషన్ గురించి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పమన్నారు కదా, ఆ బ్యాచ్‌లో ఆఖరున వచ్చినదాన్ని. సెలెక్ట్ అయ్యానని జూన్ 27న మీరే ఫోన్ చేసి చెప్పారు. ఆఫర్ లెటరు, జాయినింగ్ తేదీ ఆగస్టు రెండో వారంలోగా వస్తాయన్నారు. ఈలోగా నా నంబరు, మెయిల్ రెండూ మారుతున్నాయి. ఇకపై దయచేసి వీటికే పంపండి:

ఫోన్, వాట్సాప్: 55501 28463
మెయిల్: sujata.eee@example.com

పాత నంబరు మా నాన్నగారిది. బీటెక్‌లో చేరేటప్పుడు ఇచ్చిన నంబరే కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ రికార్డుల్లోంచి మీ దాకా వచ్చింది. ఇన్నాళ్లూ ఆ ఫోను ఇంట్లోనే ఉండేది కాబట్టి మీ కాల్ నేనే ఎత్తాను. మాది ఎచ్చెర్ల మండలం, సముద్రపు ఒడ్డు ఊరు. ఇక్కడి నుంచి చాలామంది మగవాళ్లు ఏటా బోట్ల మీద పనికి గుజరాత్‌లోని వెరావల్ వెళ్తారు. మా నాన్నగారు కూడా ఆగస్టు మొదటి వారంలో బయల్దేరుతున్నారు, ఫోను ఆయనతోనే వెళ్తుంది. బోటు సముద్రం లోపలికి వెళ్తే రోజుల తరబడి సిగ్నల్ ఉండదు. ఉన్నప్పుడు ఎత్తినా, ఆయనకు గుజరాతీ వచ్చు గానీ ఇంగ్లిషు రాదు. మీ హెచ్‌ఆర్ వాళ్లు ఇంగ్లిషులో చెప్పింది చెప్పినట్టు నాకు చేరడం కష్టం.

పాత మెయిల్ కాలేజీ ఇచ్చింది, రోల్ నంబరుతో మొదలవుతుంది. పాసవుట్ అయినవాళ్ల ఐడీలు జులై 31తో మూసేస్తున్నారు. ఆ రోజు దాకా అక్కడికి వచ్చినవి కొత్త మెయిల్‌కి వచ్చేలా పెట్టుకున్నాను. ఆ తర్వాత అక్కడికి వచ్చినదేదీ నాకు కనపడదు. నా పేరు టైప్ చేయగానే మీ మెయిల్‌లో ముందు ఆ పాత ఐడీయే రావచ్చు. పాత మెయిల్ చెయిన్‌కి రిప్లై కొట్టినా అక్కడికే వెళ్తుంది. అందుకే పాత చెయిన్‌లో కాకుండా ఈ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి.

కంపెనీ పోర్టల్‌లో ఫోన్ నంబరు నేనే మార్చాను, ఓటీపీ కొత్త నంబరుకే వచ్చింది. మెయిల్ మాత్రం లాగిన్ ఐడీ కావడంతో మార్చనివ్వలేదు. అది మీ వైపు నుంచి మార్పించగలరా? ఇంకో మాట. సర్టిఫికెట్ల వెరిఫికేషను, మెడికల్ టెస్టు లింకులు వేరే ఏజెన్సీ నుంచి వస్తాయని చెప్పారు. వాళ్లకు నా వివరాలు ఇప్పటికే వెళ్లి ఉంటే, కొత్తవి కూడా పంపించండి. ఆ లింకులకు గడువు ఉంటుందట. ఆఫర్ లెటర్ ఆలస్యమైనా మిమ్మల్ని అడిగి తెలుసుకోగలను, ఆ ఏజెన్సీ వాళ్లు ఎవరో కూడా నాకు తెలియదు కదా.

కొత్త ఐడీ నుంచి వచ్చిన మెయిల్ కాబట్టి ఇది నేనేనా అన్న సందేహం రావడం సహజమే. నాన్నగారు వెళ్లేలోపు పాత నంబరుకు ఒకసారి ఫోన్ చేయండి, నేనే మాట్లాడతాను. ఈ మెయిల్‌నే ఈ రోజు కాలేజీ ఐడీ నుంచి కూడా పంపాను. రెండూ పోల్చి చూసుకోవచ్చు. కొత్త వివరాలతో మార్చిన రెజ్యూమె జత చేశాను. అందులో ఫోను, మెయిల్ తప్ప ఇంకేమీ మారలేదు. ఇంటి చిరునామా పాతదే, పోస్టులో వచ్చేవి అక్కడికే పంపవచ్చు.

ఉదయం 10 నుంచి ఒంటిగంట దాకా శ్రీకాకుళంలో కోచింగ్ క్లాసులో ఉంటాను, అప్పుడు ఫోను సైలెంట్‌లో ఉంటుంది. క్లాసు అయ్యాక తిరిగి చేస్తాను. సాయంత్రం మా ఊళ్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, కాల్ కలవకపోతే ఒక ఎస్‌ఎంఎస్ పెట్టండి, వాట్సాప్ కంటే అదే ముందు చేరుతోంది.

పోర్టల్‌లో మెయిల్ మారాక, ‘మార్చాం’ అని ఒక్క మాట రాస్తే చాలు. జులై 31 లోపు మీ జవాబు రాకపోతే ఆగస్టు 1న మీ ఆఫీసు ల్యాండ్‌లైన్‌కు నేనే ఫోన్ చేస్తాను.

ఇట్లు
సుజాత
బీటెక్ (ఈఈఈ), 2025
ఎచ్చెర్ల మండలం, శ్రీకాకుళం జిల్లా
ఫోన్: 55501 28463

జత: రెజ్యూమె