కావలి బ్యాట్ రిపేరు షాపు ఫ్లెక్సీకి ఫోటో ప్రాంప్ట్

నిజమైన ఫోటోలా ఉండాలి, పెయింటింగ్‌లా వద్దు. కావలిలో బ్యాట్లు రిపేరు చేసే షాపు ముందు కట్టే ఫ్లెక్సీ ఇది. చూసేవాళ్లంతా రోజూ ఆడే కుర్రాళ్లు, కుట్టు ఒక్కటి తప్పినా పట్టేస్తారు.

ఎర్రమట్టి గ్రౌండ్ మీద బాగా వాడిన కశ్మీర్ విల్లో బ్యాట్, ముఖం పైకి పెట్టి, ఏటవాలుగా పడుకుని ఉంది. టో కెమెరాకు దగ్గరగా, హ్యాండిల్ దూరంగా. చెక్క లేత గోధుమ రంగు, నూనె పట్టి కాస్త ముదిరింది. ముఖం మీద ఆరేడు గ్రెయిన్స్, హ్యాండిల్ వైపు నుంచి టో దాకా నిలువుగా, దాదాపు సమాంతరంగా. గీతల మధ్య దూరం అన్నిచోట్లా ఒకేలా ఉండకూడదు. స్కేలు పెట్టి గీసినట్టుంటే అది చెక్క కాదు, స్టిక్కర్. అవే గ్రెయిన్స్ టో అంచు దగ్గర మడత తిరిగి, అడుగు కోతలో ముందు నుంచి వెనక్కి గీతలుగా కనిపించాలి. అక్కడ అవి తెగిపోతే బొమ్మ పనికిరాదు.

వాడకం గుర్తులు ఎక్కడ పడితే అక్కడ వద్దు. ఎర్ర బంతి మచ్చలు బ్యాట్ మధ్య భాగానికి కాస్త కింద గుంపుగా, ఎడ్జ్‌ల వైపు ఒకటీ అరా. ఒక ఎడ్జ్ దగ్గర గ్రెయిన్ వెంబడే సన్నటి చీలిక, దానిమీద అంచులు లేచిన ఫైబర్ టేప్. గార్డ్ తీసుకునేటప్పుడు నేలకు కొట్టీ కొట్టీ టో మూలలు అరిగి, పీచు లేచి, మట్టి పట్టాయి. పైన బ్లేడులోకి దిగిన కేన్ హ్యాండిల్ 'వి' ఆకారం స్పష్టంగా కనబడాలి. గ్రిప్ నల్ల రబ్బరు, చేయి పట్టే చోట నున్నగా.

టో పక్కనే నలభై ఓవర్లు ఆడిన ఎర్ర లెదర్ బంతి. సీమ్ కెమెరాకు ఎదురుగా నిలువుగా, బంతిని రెండు సగాలు చేస్తూ చుట్టూ తిరగాలి. బేస్‌బాల్‌లా వంపులు తిరగకూడదు. తోళ్లు కలిసిన గీతకు అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఆరు వరసల తెల్లదారం కుట్లు. దారం మట్టి రంగుకు మాసింది, ఒకచోట నలిగి అణిగింది. కుట్లు మాత్రం విడివిడిగా లెక్కపెట్టేలా ఉండాలి. ఎడమ సగం ప్యాంటుకు రుద్దిన మెరుపుతో ముదురు ఎరుపు. కుడి సగం గరుకు, రంగు వెలిసి, చిన్న గాట్లు. ఇది నాలుగు ముక్కల బంతి కాబట్టి కుడి సగంలో సీమ్‌కు అడ్డంగా, పైకి దారం కనిపించని సన్నటి అతుకు ఉంటుంది. దానికి సూటిగా ఎడమ సగంలో ఇంకో అతుకు గీయొద్దు, అది పావు వంతు తిరిగి ఉంటుంది.

ఉదయం ఎండ ఎడమ నుంచి, నేలకు దగ్గరగా పడాలి. అప్పుడే కుట్లూ పీచూ నీడలతో తేలతాయి. బంతీ టో పూర్తి ఫోకస్‌లో, వెనక గ్రౌండ్ మసకగా. బ్యాట్ వెడల్పులో బంతి మూడింట రెండు వంతులు. కంపెనీ పేర్లు, అక్షరాలు, మనుషులు వద్దు. అడ్డం బొమ్మ, 3:2. కుడివైపు మూడో వంతు ఖాళీగా వదలాలి, షాపు పేరు అక్కడ వేసుకుంటాం.