తెలిసీ పోతున్న మార్కులు: ఐఈఎల్‌టీఎస్ రెండు వారాల క్రాష్ కోర్సు ప్లాన్

మాస్టారూ, మేడం గారూ,

జూన్ 1 సోమవారం నుంచి 13 శనివారం దాకా మన రాయగడ సెంటర్లో నడిపే బ్యాచ్ ప్లాన్ ఇది. 14 నుంచి రజ పండగ హడావిడి, ఎవరూ రాలేరు. పరీక్ష 20న విశాఖపట్నంలో, కంప్యూటర్ మీద. మొత్తం పన్నెండు మంది, అందరిదీ అకడమిక్. ఎనిమిది మంది స్టాఫ్ నర్సులు, ఇద్దరు మందుల షాపుల్లో పని చేసేవాళ్లు, ఇద్దరు పై చదువుకి వెళ్లాలనుకునేవాళ్లు. ఎక్కువ మంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా మీడియంలో చదువుకున్నవాళ్లే. రోజూ సాయంత్రం 6:30 నుంచి 8:30 దాకా క్లాసు.

ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ రెండు వారాల్లో కొత్త గ్రామర్ చెప్పొద్దు. "టెన్సులు ఒకసారి మళ్లీ చెప్పండి మేడం" అని మొదటి రోజే అడుగుతారు. చెప్పాలని మనకీ చెయ్యి దురద పెడుతుంది. కానీ పన్నెండు రోజుల్లో నేర్చుకున్న రూల్ నోటికి రాదు, చేతికి రాదు. ఉన్న ధైర్యం మాత్రం పోతుంది. బాగానే మాట్లాడుతున్న మనిషి ప్రతి వాక్యం దగ్గరా ఆగి "హావ్ పెట్టాలా, హ్యాడ్ పెట్టాలా" అని ఆలోచించడం మొదలుపెడితే స్పీకింగ్‌లో ఉన్నది కూడా పోతుంది. ఎవరైనా అడిగితే ఒక్క వాక్యంలో జవాబు చెప్పి ముందుకి వెళ్లిపోదాం.

మరి చెప్పేది ఏమిటి? తెలియక పోయే మార్కులు కొన్ని, తెలిసీ పోయే మార్కులు కొన్ని. ఈ కోర్సు రెండో రకం కోసమే. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లో 7, రైటింగ్‌లో 6.5 అడుగుతుంది. లిజనింగ్, రీడింగ్‌లో 7 అంటే 40కి దాదాపు 30 సరైన జవాబులు. 26 దగ్గర ఆగిపోయిన మనిషికి కావలసింది ఇంకో నాలుగు. ఆ నాలుగూ చాలాసార్లు వాళ్ల సొంత పేపర్లోనే, ఖాళీగా వదిలేసిన గడుల్లో దొరుకుతాయి. తప్పు జవాబుకి మార్కులు కోయరు కాబట్టి ఖాళీ వదలడం అనేది ఈ బ్యాచ్‌లో ఉండకూడదు.

మొదటి రోజు క్లాసు 5:30కే మొదలు. లిజనింగ్, రీడింగ్, రైటింగ్ మధ్యలో ఆపకుండా పూర్తి టెస్టు. రెండో రోజు ఎవరి తప్పులు వాళ్లే విడదీసుకోవాలి. ప్రతి తప్పు పక్కనా కారణం రాయించండి: మాట తెలియదు, టైమ్ చాల్లేదు, ప్రశ్నలో చెప్పినట్టు రాయలేదు, స్పెల్లింగ్, ఖాళీ. "ఇంగ్లిష్ రాదు" అనే కారణాన్ని ఒప్పుకోవద్దు. ఆ కాగితం మనకి రెండు వారాల దారి చూపిస్తుంది, అందుకే జెరాక్స్ తీసి ఉంచుకుందాం.

3, 4 తేదీలు లిజనింగ్, మాస్టారు చూస్తారు. ఆడియో ఒక్కసారే వస్తుంది. మనవాళ్లకి పెద్ద దెబ్బ ఒక జవాబు పోవడం వల్ల కాదు, పోయినదాని గురించి బాధపడుతూ తర్వాతి మూడూ వినకపోవడం వల్ల తగులుతుంది. కాబట్టి పోయింది పోనిచ్చి తర్వాతి ప్రశ్న మీదికి కళ్లు దించడం విడిగా సాధన చేయించాలి. మీరే చదివి వినిపిస్తూ మధ్యలో ఒక జవాబు కావాలని మింగెయ్యండి, వాళ్లు తర్వాతిది పట్టుకుంటున్నారా చూడండి. "రెండు మాటలకి మించకూడదు" అంటే మూడో మాట రాస్తే మార్కు లేదు. చివర ఎస్ మర్చిపోయినా అంతే. ఫోన్ నంబర్లలో 'డబుల్', పేర్ల స్పెల్లింగు, థర్టీన్-థర్టీ తేడా రోజూ ఐదు నిమిషాలు. కంప్యూటర్ టెస్టులో జవాబులు దించుకోవడానికి విడిగా పది నిమిషాలు ఉండవు, సరిచూసుకోవడానికి రెండే నిమిషాలు ఉంటాయి.

5, 6, 8 తేదీలు రీడింగ్, నేను చూస్తాను. అరవై నిమిషాలు, మూడు పాసేజీలు, నలభై ప్రశ్నలు. పోనుపోను కష్టమవుతాయి కాబట్టి 17, 20, 23 నిమిషాలుగా పంచుకుందాం. గోడ గడియారం కింద కూర్చోబెట్టి, టైమ్ అవగానే సగంలో ఉన్నా పేజీ మార్పిస్తాను. మొదట్లో ఏడుస్తారు, మూడో రోజుకి అలవాటవుతుంది.

ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ దగ్గర ఎక్కువ సేపు ఆగాలి. పెద్దవాళ్లకి లోకం తెలుసు, ఆ తెలివే ఇక్కడ అడ్డం వస్తుంది. మన చటికోన సంతతోనే మొదలుపెడతాను. పేరాలో "చటికోన సంత బుధవారం జరుగుతుంది" అని మాత్రమే ఉందనుకోండి. "సంత గురువారం జరుగుతుంది" అంటే ఫాల్స్. "సంతకి నియమగిరి కొండల మీదనుంచి డోంగ్రియా కోంధులు దిగి వస్తారు" అంటే? క్లాసంతా ట్రూ అంటుంది, ఎందుకంటే కళ్లారా చూశారు. కానీ పేరాలో లేదు, కాబట్టి నాట్ గివెన్. ఇది ఒక్కసారి మనసుకి ఎక్కితే ఇక అడగక్కర్లేదు. ఈ రకం ప్రశ్నల జవాబులు పేరాల్లో వరసగానే వస్తాయని, హెడింగులు జతచేసేవి మాత్రం అలా రావని కూడా చెప్పాలి.

7వ తేదీ ఆదివారం ఉదయం పూర్తి మాక్ టెస్టు, దగ్గర్లోని నెట్ సెంటర్లో. ఆరు కంప్యూటర్లే ఉన్నాయి, అందుకని రెండు బ్యాచ్‌లు. నైట్ డ్యూటీ దిగి వచ్చేవాళ్లని రెండో బ్యాచ్‌లో వెయ్యండి, కాస్త నిద్రపోయి వస్తారు.

9, 10 రైటింగ్, మేడం గారిది. టాస్క్ 2కి టాస్క్ 1 కన్నా రెండింతల విలువ. నలభై నిమిషాలు దానికి, ఇరవై మొదటిదానికి. కనీసం 250, 150 మాటలు. బట్టీ పట్టించే టెంప్లేట్లు ఇవ్వొద్దని నా మనవి. ఎగ్జామినర్లు అవి గుర్తుపడతారు, పైగా అడిగిన ప్రశ్నకి జవాబు తప్పిపోతుంది. దానికి బదులు మొదటి ఐదు నిమిషాలు కీబోర్డు ముట్టుకోకుండా మూడు సంగతులు కాగితం మీద రాయించండి: ఏమడిగారు, నా మాట ఏమిటి, నేను చూసిన ఏ ఉదాహరణ చెబుతాను. ఆస్పత్రిలో పదేళ్లు పనిచేసిన మనిషికి ఉదాహరణల కరువు ఉండదు. చివరి మూడు నిమిషాలు తెలిసిన తప్పులే వెతకాలి: బహువచనం ఎస్, హీ-షీ తర్వాత క్రియ, ఫుల్‌స్టాప్. టైపింగ్ నెమ్మదిగా ఉన్నవాళ్లు ఐదుగురు ఉన్నారు. వాళ్లకి మొదటి రోజు నుంచే ఇంట్లో రోజూ ఇరవై నిమిషాలు టైపింగ్. నా లెక్కలో ఏ పాఠం కన్నా వాళ్లకి ఇదే ఎక్కువ మేలు చేస్తుంది.

11, 12 స్పీకింగ్, ముగ్గురం కలిసి. ఒక్కొక్కరితో విడిగా 11 నుంచి 14 నిమిషాలు, అసలు పరీక్షలో లాగే. పార్ట్ 2లో నోట్సుకి ఇచ్చే ఒక్క నిమిషంలో వాక్యాలు రాయకూడదు, ఐదారు మాటలే. ఆపమనే దాకా మాట్లాడాలి. ఎగ్జామినర్ మధ్యలో ఆపితే టైమ్ అయిందని అర్థం, మనం తప్పు చేశామని కాదు. ఇది తెలియక కంగారుపడి పార్ట్ 3 పాడుచేసుకునేవాళ్లు చాలామంది. ప్రశ్న వినపడకపోతే మళ్లీ అడగొచ్చని కూడా సాధన చేయించండి. డాక్టర్ల ముందు మాట తగ్గించి అలవాటైన నర్సమ్మలకి గొంతు పెంచడమే పెద్ద పని. ఫోన్‌లో రికార్డు చేసి వాళ్లకే వినిపిస్తే, మాటకి ముందొచ్చే "అంటే", ఒడియా "మానే" వాళ్లంతట వాళ్లే తగ్గించుకుంటారు.

13న రెండో మాక్, లిజనింగ్, రీడింగ్ మాత్రమే. ఆ తర్వాత పరీక్ష దాకా పూర్తి టెస్టులు రాయొద్దని చెప్పాలి. బుకింగ్‌లో ఇచ్చిన పాస్‌పోర్టే ఒరిజినల్ పట్టుకెళ్లాలి. 19 సాయంత్రానికే విశాఖ చేరుకోవాలి, తెల్లవారుజాము రైలుని నమ్ముకోవద్దు. స్పీకింగ్ వేరే రోజు పడినవాళ్లు ఎవరో ముందే కనుక్కోండి, డ్యూటీ సెలవు పెట్టుకోవాలి కదా.

మాస్టారూ, హెడ్‌ఫోన్లు ఆరూ పనిచేస్తున్నాయో లేదో మే 30లోపు చూడగలరా? మేడం గారూ, మొదటి రోజు టెస్టు పేపర్లు పదమూడు సెట్లు తీయించండి, ఒకటి మనకి.