చీరతో జాకెట్టు ముక్క రాలేదన్న మీ ఫిర్యాదు గురించి

నమస్కారం అండీ,

మీరు పంపిన ఫోటోలు, టేపు పెట్టి కొలిచిన వీడియో చూశాను. మీరు చెప్పిందే నిజం. లిస్టింగ్‌లో "6.2 మీటర్లు, జాకెట్టు ముక్కతో" అని ఉంది. మీకు వచ్చిన చిలకపచ్చ మంగళగిరి చీర 5.5 మీటర్లే, జాకెట్టు ముక్క లేదు. తప్పు పూర్తిగా మాదే. క్షమించండి.

ఎలా జరిగిందో చెబుతాను. ఇదే రంగు, ఇదే మిరపపండు ఎరుపు నిజాం అంచుతో మా దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి జాకెట్టు ముక్కతో 1,850 రూపాయలు, రెండోది ముక్క లేకుండా 1,600. రెండో రకానికి కొత్త లిస్టింగ్ పెట్టేటప్పుడు పాత దాన్నే కాపీ చేసి, ఫోటోలు మార్చి, పొడవూ ధరా మార్చడం మర్చిపోయాను. మీరు 1,850 కట్టారు, 1,600 చీర అందుకున్నారు. నిన్న రాత్రే ఆ లిస్టింగ్ సరిచేశాను. నూలు, అంచు, జరీ మాత్రం రాసినట్టే ఉన్నాయి.

ముక్క ఒక్కటే విడిగా పంపిద్దామని మగ్గం దగ్గర అడిగాను. నూలుకు రంగు అద్దిన ప్రతిసారీ ఛాయ కాస్త మారుతుంది కాబట్టి మీ చీరకు అచ్చంగా కలవదన్నారు. కలవని ముక్క పంపి మిమ్మల్ని రెండోసారి బాధపెట్టలేను.

శుక్రవారం గృహప్రవేశానికి కట్టుకోవాలని, చీర నచ్చిందని మీరు రాశారు. అందుకే ఇలా అనుకున్నాను: చీర మీ దగ్గరే ఉంచుకోండి, 450 రూపాయలు వాపసు ఇస్తాను. అందులో 250 మీ దగ్గర ఎక్కువగా తీసుకున్నది, అది ఎలాగూ మీదే. మిగతా 200 జాకెట్టు గుడ్డ కొనుక్కోవడానికి. అంచు రంగు ఎరుపులో మీటరు మంగళగిరి నూలు గుడ్డ తీసుకుంటే ఈ చిలకపచ్చకు చాలా బాగుంటుంది. టైలర్‌కు టైమ్ కావాలి కదా, అందుకే వెంటనే రాస్తున్నాను.

సరే అనుకుంటే ఆర్డర్ పేజీలో నేను పంపిన పాక్షిక రిఫండ్‌ను ఒప్పుకోండి చాలు. డబ్బు మీరు కట్టిన ఖాతాకే వస్తుంది. దీనికోసం నేను ఏ లింకూ పంపను, ఓటీపీ గానీ, యూపీఐ పిన్ గానీ అడగను. నా పేరుతో ఎవరైనా ఫోన్ చేసి అడిగినా ఇవ్వకండి.

వద్దనుకుంటే మొహమాటపడకండి. రిటర్న్ పెట్టండి, 1,850 మొత్తం ఇచ్చేస్తాను, పికప్ ఖర్చు నాదే. కాకపోతే రిటర్న్ గడువు బుధవారంతో అయిపోతుంది, ఈలోగా ఏదో ఒకటి చెప్పండి. ఉంచుకునేటట్లయితే మొదటిసారి చల్లటి నీళ్లలో కొంచెం ఉప్పు వేసి, విడిగా ఉతకండి.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

చీరల దుకాణం తరఫున,
వన్ టౌన్, విజయవాడ