గానుగ నూనెపై మీరు రాసిన సమీక్షకు మా జవాబు

నమస్కారమండి. అనంతపురం పాతూరులోని మా దుకాణంలో మీరు కొన్న వేరుశనగ నూనె గురించి రాసినదంతా చదివాం. ఇంటిల్లిపాదీ తినే వస్తువు మీద కల్తీ అనుమానం కలిగితే ఎవరికైనా కోపం వస్తుంది. మీరు లేవనెత్తిన ఒక్కొక్క విషయానికీ మా దగ్గరున్న వివరాలను ఇక్కడ తెలియజేస్తున్నాం.

ముందుగా తూకం సంగతి. లీటరు సీసాలోని నూనె 910 గ్రాములే తూగిందని, మిగిలిన 90 గ్రాములు కాజేశామని మీరు రాశారు. మీ కాటా సరిగ్గానే చూపింది. వేరుశనగ నూనె నీటికన్నా తేలిక కాబట్టి లీటరు నూనె, ఎక్కడ కొన్నా, సుమారు 910 గ్రాములే ఉంటుంది. మీరు పెట్టిన ఫొటోలోనే, లేబుల్‌ మీద లీటరు అన్నచోట పక్కనే 910 గ్రాములు అని అచ్చయి ఉంది.

సీసా అడుగున చేరినది వేరుశనగ పప్పుల మడ్డి. గానుగ నుంచి దిగిన నూనెను తేర్చి, గుడ్డలో వడకట్టి సీసాల్లో పోస్తాం తప్ప రిఫైన్‌ చేయం; అందువల్ల సన్నని మడ్డి కొంత మిగిలి, కదలకుండా ఉంచిన సీసాలో అడుగుకు దిగుతుంది. అలసంద వడలు వేసినప్పుడు మీరు చూసిన నురగ కూడా, రిఫైన్‌ చేసేటప్పుడు తొలగిపోయే జిగురు పదార్థాలు ఇందులో ఉండిపోవడం వల్ల, పిండిలోని తడి వల్ల రావచ్చు. అయితే మడ్డి, నురగ ఉన్నంత మాత్రాన నూనె స్వచ్ఛమైనదని మేము చెప్పుకోవడం కూడా న్యాయం కాదు. ఆ సంగతి పరీక్షలోనే తేలాలి.

కొనుగోలుదారు తాను కొన్న ఆహార పదార్థాన్ని రుసుము చెల్లించి ఫుడ్‌ అనలిస్టు చేత పరీక్ష చేయించుకునే హక్కు 2006 నాటి ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్‌లో ఉంది. కొనేటప్పుడే ఆ ఉద్దేశం అమ్మకందారుకు చెప్పాలి. నమూనా నిబంధనలకు విరుద్ధమని తేలితే రుసుము వాపసు వస్తుంది. మీరు కొన్న బ్యాచ్‌ సీసాలు, సీలు విప్పనివి, మా దగ్గర ఇంకా ఉన్నాయి. వాటిలో మీకు నచ్చినదాన్ని మీ చేతులతోనే ఎంచుకోండి.

ధర ఎక్కువన్న మాట నిజమే. లీటరు నూనెకు మా గానుగలో రెండున్నర కిలోల దాకా పప్పులు పడతాయి.

కౌంటరు దగ్గరి అబ్బాయి దురుసుగా మాట్లాడాడని రాశారు. సీలు విప్పిన సీసాను వాపసు తీసుకోబోమని మాత్రమే చెప్పానని అతను అంటున్నాడు. ఆ సమయంలో మేము అక్కడ లేము కనుక, ఆ మాట మీకు ఎలా వినిపించిందో మీ నోటనే వినాలనుకుంటున్నాం.

మీ సమీక్షను తొలగించమని అడగడం లేదు. మిగిలిన నూనెను, బిల్లును తీసుకువస్తే, పరీక్ష చేయించినా చేయించకపోయినా, పూర్తి ధర తిరిగి ఇస్తాం. ఆదివారం తప్ప రోజూ ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు దుకాణంలోనే ఉంటాం.

ఇట్లు,
గానుగ నిర్వాహకులు