కొనుగోళ్ల విధానం: 9వ క్లాజు (విరుద్ధ ప్రయోజనాలు), సవరించిన పాఠం

బోర్డు సభ్యులకు,

ఇప్పుడున్న 9వ క్లాజు ఒక్క వాక్యమే: "సిబ్బంది స్వప్రయోజనాలకు తావివ్వకుండా వ్యవహరించాలి, అవసరమైతే తగినవారికి తెలియజేయాలి, ఉల్లంఘిస్తే తగిన చర్య ఉంటుంది." ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో, ఏ చర్య ఉంటుందో ఇందులో లేదు. దీని ఆధారంగా ఎవరికి నోటీసిచ్చినా నిలవదు. మనది రైతుల వాటాలతో నడిచే ఉత్పత్తిదారుల కంపెనీ. విత్తనాలు, పురుగుమందులు, గోనెసంచులు, లారీ కిరాయిలు అన్నీ ఆ డబ్బుతోనే కొంటున్నాం. అందుకే పాత వాక్యం పూర్తిగా తీసేసి, కింది పాఠాన్ని ఆమోదించమని కోరుతున్నాను.

9.1 ఎవరికి వర్తిస్తుంది: డైరెక్టర్లు, సీఈవో, అకౌంటెంట్, కొనుగోలు కమిటీ సభ్యులు, గోడౌన్ ఇన్‌చార్జి, సరుకు నాణ్యత చూసి సంతకం పెట్టేవారు, స్పెసిఫికేషన్లు రాసే బయటి కన్సల్టెంట్లు.

9.2 బంధువు: భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, కోడలు, అల్లుడు, తోబుట్టువులు, వీరితోపాటు అత్తమామలు, బావ, మరిది, బావమరిది, వదిన, మరదలు, తోడల్లుడు, తోడికోడలు, వియ్యంకులు, మేనల్లుడు, మేనకోడలు.

వివరణ: కంపెనీల చట్టం ఇచ్చే బంధువుల జాబితాలో బావమరిది, తోడల్లుడు లేరు. మన ఊళ్లలో ఎరువుల షాపులు, లారీలు ఎక్కువగా ఆ బంధుత్వాల మీదే నడుస్తాయి కాబట్టి జాబితా పెంచాం.

9.3 వెల్లడించాల్సినవి: సరఫరాదారు సంస్థలో తనకు గాని బంధువుకు గాని యాజమాన్యం, భాగస్వామ్యం, 2 శాతానికి మించిన వాటా, డీలర్‌షిప్, కమీషన్, గత రెండేళ్లలో అక్కడ చేసిన ఉద్యోగం, వారికి ఇచ్చిన, వారి నుంచి తీసుకున్న ₹20,000 దాటిన అప్పు, వారితో గోడౌన్ లేదా భూమి అద్దె ఒప్పందం, పన్నెండు నెలల్లో వారి నుంచి అందిన, మొత్తం విలువ ₹1,000 దాటిన బహుమతులు. సభ్య రైతుగా అందరికీ ఉన్న ధరకే తన పంటను కంపెనీకి అమ్మడం దీని కిందకు రాదు.

9.4 ఎప్పుడు, ఎలా: ఏటా ఏప్రిల్ 30లోగా రాతపూర్వక ప్రకటన ఇవ్వాలి. వెల్లడించాల్సినవేవీ లేకపోయినా "లేవు" అని రాసి సంతకం పెట్టాలి. మార్పు వస్తే ఏడు రోజుల్లో తెలపాలి. ప్రతి కొనుగోలులోనూ కొటేషన్లు తెరిచే ముందు, పాల్గొన్న సంస్థల పేర్లు చదివాక, కమిటీలోని ప్రతి ఒక్కరూ ఆ ఫైలులోనే మళ్లీ సంతకం చేయాలి. అసలు పట్టు ఇక్కడే ఉంది: ఈ సంతకం లేని ఫైలుకు అకౌంటెంట్ చెల్లింపు చేయకూడదు. మధ్యలో సంబంధం బయటపడితే వెంటనే పక్కకు తప్పుకొని 24 గంటల్లో రాసివ్వాలి.

ప్రకటన సీఈవోకు, సీఈవోది చైర్మన్‌కు, చైర్మన్‌ది బోర్డుకు ఇవ్వాలి. నోటిమాట చెల్లదు. రిజిస్టర్‌ను ప్రతి బోర్డు సమావేశంలో చూపాలి. కంపెనీల చట్టం 184వ సెక్షన్ కింద డైరెక్టర్లు తమ ప్రయోజనాలు తెలుపుతూ ఇచ్చే ఎంబీపీ-1 ఫారం దీనికి బదులు కాదు.

9.5 వెల్లడించాక: ఆ వ్యక్తి గది వదిలి వెళ్లాలి, ఓటు వేయకూడదు, ఆ విషయం ఇతర సభ్యులతో మాట్లాడకూడదు, మినిట్స్‌లో నమోదు కావాలి. బంధువైనంత మాత్రాన సరఫరాదారును తొలగించరు. అయితే ఆ సంస్థ పోటీలో ఉన్నప్పుడు మూడు కొటేషన్లు తప్పనిసరి, అత్యవసరం పేరుతో ఒక్క కొటేషన్‌తో కొనడం కుదరదు.

9.6 పర్యవసానాలు:

(అ) గడువు దాటినా, ఆర్డర్‌కు ముందే తనంతట తాను చెబితే: రాతపూర్వక హెచ్చరిక, మూడు నెలలు కొనుగోళ్లకు దూరం.

(ఆ) చెప్పకుండా పాల్గొంటే: సిబ్బందికి ఏడాదిపాటు కొనుగోళ్లలో పాల్గొనకుండా నిషేధం, ఆ ఏడాది ఇంక్రిమెంట్ నిలిపివేత. డైరెక్టరైతే కమిటీ నుంచి తొలగింపు, విషయం తదుపరి సర్వసభ్య సమావేశం ముందుకు.

(ఇ) దాచి లాభపడితే లేదా తప్పుడు ప్రకటన ఇస్తే: సిబ్బందికి ఉద్యోగం నుంచి తొలగింపు; ఎవరైనా సరే, కంపెనీకి జరిగిన నష్టం వసూలు. చట్టప్రకారం తీసుకునే చర్యలు వేరు.

(ఈ) తెలిసీ దాచిన సరఫరాదారు: ఆర్డర్ రద్దు, రెండేళ్ల నిషేధం, అదనంగా తీసుకున్న ధర బిల్లు లేదా డిపాజిట్ నుంచి మినహాయింపు.

ఈ షరతులు ప్రతి నియామక పత్రంలో, కన్సల్టెంట్ ఒప్పందంలో, పర్చేజ్ ఆర్డర్‌లో ముద్రించాలి. అవతలివారు ఒప్పుకోని షరతును వారిపై అమలు చేయలేం.

9.7 విచారణ: ఫిర్యాదు అందాక ఏడు పనిదినాల్లో నోటీసు, జవాబుకు మరో ఏడు, మొత్తం 30 రోజుల్లో కారణాలతో రాతపూర్వక నిర్ణయం. ఆ వ్యవహారంతో గాని, వ్యక్తితో గాని సంబంధం లేని ముగ్గురు విచారించాలి. 15 రోజుల్లో బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు. గడువులో నిర్ణయం రాకపోతే ఫైలు తదుపరి బోర్డు అజెండాలో మొదటి అంశంగా వస్తుంది, అప్పటిదాకా వివాదంలో ఉన్న మొత్తాన్ని మాత్రమే ఆపాలి. నిజాయితీగా ఫిర్యాదు చేసినవారిని బదిలీ చేయడం, పని తగ్గించడం కూడా (ఆ) కింద ఉల్లంఘనే.

9.8 అమలు: బోర్డు ఆమోదించిన రోజు నుంచి. 9.1లోని అందరూ 30 రోజుల్లో మొదటి ప్రకటన ఇవ్వాలి, నడుస్తున్న ఒప్పందాలకు సంబంధించినవీ అందులో చేర్చాలి. ఈ గడువులో పాత సంబంధాలు వెల్లడించినవారిపై, అంతకుముందు చెప్పనందుకు 9.6 కింద చర్య ఉండదు.