తాత చెప్పిన ముగింపు

అజంజాహి మిల్లులో పనిచేసినన్నాళ్లూ, నూలు పోగు ఎక్కడ తెగినా మా తాతే ముందు చూసేవాడట. ఆ కళ్లకు అద్దాలేందని డెబ్బై ఏళ్లు వచ్చేదాకా మొండికేశాడు. పేపర్లో హెడ్డింగులు తను చూసుకుని, కింది వార్త నన్ను చదవమనేవాడు. "నీ గొంతు మంచిగుంటది బిడ్డా" అంటే నిజమేననుకునేదాన్ని.

2023లో కంటి వెలుగు రెండో విడత క్యాంపు మా వార్డులో పెట్టినప్పుడు, అమ్మ పోరు పడలేక వెళ్లాడు. దూరంగా ఉన్న బోర్డు గడగడా చదివేశాడు. దగ్గరి చూపు కార్డు చేతికిచ్చేసరికి చెయ్యి బారుగా చాచి, తల వెనక్కి వంచి, "ప్రింటే మంచిగ లేదు" అన్నాడు.

"చత్వారం తాతా, నలభై దాటితే అందరికీ వచ్చేదే" అంటూ ఆ అమ్మాయి ప్లస్ రెండున్నర అద్దాలు పెట్టింది. తాత కార్డు వైపు చూడలేదు. అరచెయ్యి చూసుకున్నాడు. తిప్పి గోళ్లు చూసుకున్నాడు. బొటనవేలి మీద మిల్లు నాటి గాటు గీత దగ్గర చాలాసేపు ఆగాడు.

ఇంటికొచ్చి నేరుగా సందూక తీశాడు. అడుగున ఆయన ప్రాణం పెట్టుకున్న పుస్తకం. వారపత్రికలో వచ్చిన సీరియల్‌ని వారం వారం కత్తిరించి బైండింగ్ చేయించుకున్నాడు. కొన్ని పేజీల వెనక సగం తెగిన సబ్బు ప్రకటనలు కూడా ఉంటాయి. ఇద్దరు సాలె అన్నదమ్ముల కథ. మగ్గం నడవక తమ్ముడు భీవండి పోతాడు. సరిగ్గా సద్దుల బతుకమ్మ నాడు తిరిగొస్తాడు. ఎండాకాలం సెలవుల్లో డాబా మీద పడుకుని ఎన్నిసార్లు విన్నామో, మా పిల్లలందరికీ నోటికొచ్చు.

మూడు రోజులు గద్దె మీంచి లేవలేదు. నాలుగోనాడు వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"తమ్ముడు రాడు బిడ్డా."

అమ్మకు అర్థం కాలేదు. "ఎవరు బాపూ?"

"ఇండ్ల రాడు. మనీ ఆర్డర్లు ఆగిపోతయి. అన్న పోస్టాఫీసుకు పోయి వస్తనే ఉంటడు. గంతే, ఒడిసింది." అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు చిన్నగున్నప్పుడు ఇది విని ఏడ్సినవు. బువ్వ తినలే. తమ్ముడొచ్చిండని చెప్పిన, అప్పుడు తిన్నవు. ఇగ అదే చెప్పుకుంట చెప్పుకుంట, నేను గూడ అదే నిజమనుకున్న."

అమ్మ పొయ్యి ఆర్పేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన పక్కన కూచుంది.

"అసలుది చదువు బాపూ. మొదటి నుంచి."

తాత అద్దాలు పెట్టుకుని మొదటి పేజీ తీశాడు.

"నడుమ ఏడుస్తే ఆపేస్త మరి."

"ఆపకు" అంది అమ్మ.