885 అడుగులు (నవల సారాంశం)

సాంఘిక నవల. 31 అధ్యాయాలు, సుమారు 72,000 మాటలు. రాత పూర్తయింది. కథ కర్నూలు జిల్లాలో, 1981లోనూ 2015-16లోనూ నడుస్తుంది. ముగింపుతో సహా అంతా కింద చెప్పేశాను.

లక్ష్మీదేవికి యాభై ఒక్కేళ్లు. శ్రీశైలం ముంపు వాళ్ల కోసం నందికొట్కూరు దగ్గర వేసిన కాలనీలో ఉంటుంది. మొగుడు మద్దిలేటి పోతిరెడ్డిపాడు రెగ్యులేటర్ దగ్గర లస్కరు. పొద్దున్నే గేజీ చూసి నీటిమట్టం పుస్తకంలో ఎక్కించడం అతని పని. డ్యామ్ నిండితే 885 అడుగులు. ఆ నీళ్ల అడుగునే వాళ్ల ఊరు గుండ్లమడుగు (కల్పిత గ్రామం) ఉంది. 2015 నవంబరులో ఒక పొద్దున మద్దిలేటి గేజీ మెట్ల మీదే గుండె ఆగి పోతాడు. అప్పటికి ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. అంటే భార్యకు ఫ్యామిలీ పెన్షన్, కొడుకు రవికి కారుణ్య నియామకం రావాలి.

లక్ష్మీదేవి తన వయసు రుజువుకు ఏడో తరగతి టీసీ జత చేస్తుంది. గుమాస్తా ఆ కాగితాన్నీ, సర్వీసు రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి చూసి అడుగుతాడు: "ఏమ్మా, మీ నాయన ఈరన్న. మీ ఆయన నాయన కూడా ఈరన్నే. ఊరొకటే, ఇంటిపేరొకటే. అన్నను చేసుకున్నావా ఏంది?"

నవల ఇక్కడ మొదలవుతుంది. రిజిస్టరులో మద్దిలేటి పేరు లేదు. ఉన్నది సుంకన్న పేరు. సుంకన్న లక్ష్మీదేవికి సొంత అన్న. 1981 వానాకాలంలో ఊళ్లోకి నీళ్లొచ్చిన రాత్రి, కదలనని మొండికేసిన జేజితో పాటు మిద్దె మీద ఉండిపోయాడు. ఇద్దరూ దొరకలేదు. శవం లేదు గనక చావు కూడా ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. 1986లో జీవో 98 వచ్చి, ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అన్నప్పుడు ఈరన్న ఇంట్లో మగపిల్లవాడు కాగితం మీద మాత్రమే బతికున్నాడు. మేనల్లుడు మద్దిలేటి ఇంటి వంతు ఉద్యోగం అప్పటికే వాళ్లన్నకు పోయింది. పాత కరణం కొడుకు నరసింహమూర్తి మూడు వేలు తీసుకుని సర్టిఫికెట్లు పుట్టించాడు. మద్దిలేటి ఆఫీసులో సుంకన్న అయ్యాడు, ఇంట్లో మద్దిలేటిగానే మిగిలాడు. జీతం రోజు అన్న పేరుతో సంతకం పెట్టి వచ్చిన మొగుడికి లక్ష్మీదేవి ఇరవై తొమ్మిదేళ్లు అన్నం పెట్టింది. ఈ కాపురాన్ని తొమ్మిది అధ్యాయాల్లో నింపాదిగా రాశాను. నవల్లో నాకు బాగా ఇష్టమైన భాగం అదే. మద్దిలేటి మోసగాడు కాదు. సుంకన్న తద్దినం ఏ రోజు పెట్టాలో తెలియక, ఏటా మొదటి జీతం అందుకున్న తేదీన చికెన్ మానేసే మనిషి.

ఇప్పుడు నరసింహమూర్తి మళ్లీ వస్తాడు. గుమాస్తాను తాను మేనేజ్ చేస్తానని, టీసీ మార్పిస్తానని, మూడు లక్షలు కావాలని అంటాడు. డ్రైవింగ్ తప్ప వేరే పని దొరకని రవి ఆ డబ్బు అప్పు తేవడానికి సిద్ధపడతాడు. "నాయన ముప్పై ఏళ్లు చేసిన పని నిజమే కదా, పేరుతో ఏం పని?" అన్నది వాడి వాదన. దానికి లక్ష్మీదేవి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. అందుకే కథలో వాడిని చెడ్డవాడిగా చూపించలేదు.

ఇంకో పక్క ముసలి ఈరన్న. ఒకప్పుడు కృష్ణా నదిలో పుట్టి అనే గుండ్రటి పడవ నడిపిన మనిషి, ఇప్పుడు కాలనీ చివర వేపచెట్టు కింద వెదురు బద్దలు చీలుస్తూ కూర్చుంటాడు. లక్ష్మీదేవి అతనితో మనసిచ్చి మాట్లాడి ముప్పై నాలుగేళ్లయింది. ఆ రాత్రి నాయన కరణం గారి వడ్ల మూటలకు ఆశపడి పుట్టి నింపుకున్నాడని, అందుకే రెండో విడతకు వెనక్కి వెళ్లేసరికి మిద్దె లేకుండా పోయిందని ఆమె నమ్మకం. ఊరంతా అదే అనుకుంటుంది. ఈరన్న ఎప్పుడూ కాదనలేదు. మూటల కథ పాఠకుడికి లక్ష్మీదేవి మాటల్లోనే మూడుసార్లు వస్తుంది. ప్రతిసారీ మూటల లెక్క మారుతుంది.

2016 వేసవిలో, వరుస కరువుకు రిజర్వాయరు బాగా వెనక్కి పోతుంది. నీళ్లు తగ్గినప్పుడల్లా బయటపడే సంగమేశ్వరం గుడికి జనం ట్రాక్టర్లలో పోతుంటారు. గుండ్లమడుగు దిబ్బ కూడా తేలిందని తెలిసి ఈరన్న తనను తీసుకుపొమ్మంటాడు. వేరే తోడెవరూ లేక లక్ష్మీదేవే వెళ్తుంది. పగుళ్లిచ్చిన ఒండ్రులో తండ్రీ కూతుళ్లు నడుస్తూ ఇల్లు వెతుక్కుంటారు. రోలు దొరుకుతుంది, గడప రాయి దొరుకుతుంది. గడప మీద కూర్చుని ఈరన్న మొదటిసారి నోరు విప్పుతాడు. ఆ రాత్రి పుట్టిలో కరణం మూటలు ఒక్కటీ ఎక్కలేదు. ఎక్కింది పెళ్లి కోసం కొన్న ట్రంకుపెట్టె. పదిహేడేళ్ల లక్ష్మీదేవి దాన్ని వదలనని ఏడ్చింది. జేజికి చోటు చాలలేదు. జేజిని ఒంటరిగా వదలలేక సుంకన్న దిగిపోయాడు. మూటల కథ పుట్టించింది ఈరన్నే, కూతురిని ఎవరూ వేలెత్తి చూపకూడదని. విని విని ఆమె కూడా దాన్నే నమ్మేసింది. దొంగ సర్టిఫికెట్ల నకళ్లు ఇన్నేళ్లూ దాచిపెట్టింది ఆ ట్రంకుపెట్టెలోనే.

లక్ష్మీదేవి తండ్రిని ఓదార్చదు, క్షమాపణ అడగదు. మోకాళ్ల మీద కూర్చుని గడప మీది ఒండ్రును గోళ్లతో గీకుతుంది. మర్నాడు బియ్యం, నువ్వులు తెప్పించి అక్కడే తండ్రి చేత అన్నకూ, జేజికీ పిండాలు పెట్టిస్తుంది. అన్న చనిపోయాడని ఆ ఇంట్లో ఒకరు ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఒకసారి ఒప్పుకున్నాక అతని పేరు మీద పెన్షన్ తినడం ఆమె వల్ల కాదు.

రవి అప్పు తెచ్చిన డబ్బుతో నరసింహమూర్తి టీసీ మార్పించేలోపే ఆమె ఆఫీసుకు వెళ్లి జరిగినదంతా రాసిచ్చి వేలిముద్ర కాకుండా సంతకం పెడుతుంది. పెన్షన్ ఆగిపోతుంది, కారుణ్య నియామకం పోతుంది, రికవరీ నోటీసు వస్తుంది. నరసింహమూర్తి మీద విచారణ మొదలై, మొదలైన చోటే ఆగుతుంది. రవి తల్లితో మాట మానేసి హైదరాబాద్ పోయి క్యాబ్ నడుపుతాడు. నోటీసు వాయిదా కట్టాల్సిన నెల నుంచి మాత్రం ఫోన్ చేయకుండానే డబ్బు పంపుతుంటాడు. వాళ్లిద్దరి మధ్య రాజీ అంతవరకే.

ఎగువన వానలు పడి నీళ్లు మళ్లీ పెరుగుతాయి. గుండ్లమడుగు మునిగిన వారంలో ఈరన్న నిద్రలో పోతాడు. తండ్రి మరణ ధ్రువపత్రంతో పాటు అన్నదీ కావాలని లక్ష్మీదేవి కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంటుంది. చివరి అధ్యాయంలో కంప్యూటర్ ముందున్న కుర్రవాడు మరణించిన స్థలం అడుగుతాడు. గుండ్లమడుగు అంటుంది. లిస్టులో అలాంటి ఊరు లేదంటాడతను, పక్క ఊరు ఏదైనా ఎంచుకోమంటాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. సాయంత్రం ఆఫీసు మూసే వేళకు ఆ కుర్రవాడు విసుక్కుంటూ ప్రింటు తీసి, ఖాళీగా వదిలిన గడిలో పెన్నుతో ఊరి పేరు రాస్తాడు. ఒత్తులు తప్పుపోతే ఆమె పక్కన నిలబడి దిద్దిస్తుంది.